పెళ్లి కార్డు ఫొటో ఒక్కటే ఉంది: ఎప్పుడు వెళ్లాలి, ఏం కట్టుకోవాలి, ఎంత పెట్టాలి?

రాధిక_కావలి · ఫిబ్రవరి 19, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు వైపు కావలి. ఉద్యోగం వచ్చి నల్గొండలో చేరి ఐదు నెలలవుతోంది. మా ఆఫీసులో సీనియర్ సార్ వాళ్ల రెండో అమ్మాయి పెళ్లి, మిర్యాలగూడలో. ఆయన సెలవులో ఉన్నారు. కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి "తప్పకుండా రావాలమ్మా" అన్నారు. ఫొటోలో ఫ్లాష్ మెరుపు బంగారు అక్షరాల మీద పడింది, కింది మూలలో ఎవరిదో బొటనవేలు. నాకు కనిపించినంత వరకు, పేర్లు తీసేసి, ఇక్కడ రాస్తున్నాను:

"స్వస్తిశ్రీ చాంద్రమాన శ్రీ విశ్వావసు నామ సంవత్సర ఫాల్గుణ (ఇక్కడ మెరుపు) ది. 25-02-2026 బుధవారం రాత్రి గం. 8-24 ని.లకు (తెల్లవారితే గురువారం) ధనుర్లగ్నమందు మా ద్వితీయ పుత్రిక చి.ల.సౌ. ... ను చి. ... కిచ్చి వివాహము జరిపించుటకు పెద్దలు నిశ్చయించినారు. కావున తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి..."

దాని కింద "విందు: రాత్రి 7-30 గం.ల నుండి". వేదిక మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలు. అన్నిటికన్నా కింద "మీ ఆశీస్సులే" అని ఉంది, ఆ తర్వాత బొటనవేలు.

ఆ 8 అనే అంకె 8 అవునో కాదో కూడా నాకు నమ్మకం లేదు. 3 కూడా కావచ్చు. మా వైపు పెళ్లిళ్లు నాకు తెలుసు కానీ ఇక్కడి పద్ధతులు తెలియవు. సార్‌ని అడిగితే పెళ్లి పనుల్లో ఉన్న మనిషిని విసిగించినట్టు ఉంటుందని మొహమాటం. ఎప్పుడు వెళ్లాలి, ఏం కట్టుకోవాలి, ఎంత పెట్టాలి?

---

కిరణ్_సూర్యాపేట · 9:31

ఇందులో టెన్షన్ ఏముంది అక్కా. 8-24 అనే ఉంది. 7-30కి విందు మొదలు, 8-24కి లగ్గం. ఏడున్నరకల్లా చేరుకోండి, తినండి, అక్షింతలు వేయండి, తొమ్మిదిన్నరకు బస్సెక్కండి. తెల్లవారితే గురువారం అనేది ప్రతి బుధవారానికీ నిజమే కదా, అయ్యగార్లు అలా రాయిస్తుంటారు.

---

శుభలేఖల_యాదగిరి · 10:04

కిరణ్ తమ్మీ, ప్రతి బుధవారానికీ నిజమే, కానీ ప్రతి బుధవారం కార్డు మీద ఆ మాట వేయరు. నేను నల్గొండలో 22 ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. సీజన్‌లో రోజుకు పది పన్నెండు పత్రికలు కంపోజ్ చేస్తాం. "తెల్లవారితే గురువారం" అన్న మాట ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటేనే వేస్తాం. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయంతో ముగుస్తుంది. గడియారంలో పన్నెండు దాటినా అయ్యగారి లెక్కలో అది ఇంకా బుధవారమే. ఆయన చీటీ మీద "బుధవారం రాత్రి 3-24" అని రాసిస్తాడు. అది అలాగే అచ్చేస్తే జనం తికమకపడతారని బ్రాకెట్లో తెల్లవారితే ఫలానా వారం అని కలుపుతాం. రాత్రి 8-24కి ఆ బ్రాకెట్‌తో పని లేదు.

అది చాలకపోతే లగ్నం చూడు. అక్కడ ధనుర్లగ్నం అని స్పష్టంగా ఉంది. ఈ ఫాల్గుణంలో సూర్యుడు కుంభంలో ఉన్నాడు, అంటే పొద్దున ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు ఉదయించేటప్పుడు నడిచేది కుంభ లగ్నం. దానికి ముందు మకరం, దానికీ ముందు ధనుస్సు. ఒక్కో లగ్నం అటూ ఇటూగా రెండు గంటలు. అలా వెనక్కి లెక్కేస్తే ధనుర్లగ్నం సుమారుగా రాత్రి రెండు నుంచి నాలుగు మధ్యలో పడుతుంది. రాత్రి 8-24కి నడిచేది కన్యా లగ్నం. కాబట్టి అది 3-24. అంకె మసకగా ఉన్నప్పుడు ప్రూఫు దిద్దుతూ మేము చేసేది ఇదే. అయ్యగారి చేతిరాతలో 3కి, 8కి తేడా తెలియక చాలాసార్లు ఈ లెక్కతోనే బయటపడ్డాం.

---

కిరణ్_సూర్యాపేట · 10:19

సరే అన్నా, 3-24 ఒప్పుకుంటున్నా. అప్పుడు లగ్గం గడియారం ప్రకారం గురువారం, 26వ తేదీ. అంటే విందు గురువారం రాత్రి 7-30కి. పెళ్లి కాకముందే విందు ఎవరు పెడతారు? అక్కా, మీరు గురువారం సాయంత్రం వెళ్లండి.

---

శుభలేఖల_యాదగిరి · 10:40

వద్దు, వద్దు. ఆమె గురువారం సాయంత్రం వెళ్తే హాల్లో ఇంకో పెళ్లి వాళ్లు ఎదురొస్తారు.

ఇది ఆడపిల్ల వాళ్ల కార్డు. "మా ద్వితీయ పుత్రికను ఇచ్చి" అని ఉంది చూడండి. మగపిల్లాడి వైపు కార్డయితే "మా కుమారుని వివాహము" అని మొదలవుతుంది. పెళ్లి ఆడపిల్ల వాళ్ల ఊళ్లో. తెల్లవారుజామున మూడున్నరకు జీలకర్ర బెల్లం, తర్వాత పుస్తె కట్టుడు, తలంబ్రాలు. తెల్లారేసరికి అప్పగింతలు. పొద్దున తొమ్మిది పదికల్లా పిల్లను తీసుకుని మగపెళ్లివారు బయల్దేరతారు, హాలు ఖాళీ చేస్తారు. ఇక గురువారం రాత్రి ఆ హాల్లో విందు పెట్టడానికి ఎవరుంటారు?

రాత్రి లగ్గానికి వచ్చిన వాళ్లను మూడింటిదాకా ఆకలితో కూర్చోబెట్టరు కాబట్టి భోజనాలు ముందే అయిపోతాయి. విందు లైనుకు విడిగా తేదీ వేయలేదంటే పైనున్న వారమే, అంటే బుధవారం రాత్రి. మగపిల్లాడి వాళ్లు విడిగా రిసెప్షన్ పెట్టుకుంటే అది వాళ్ల కార్డులో, లేదా రెండో ఆకులో వేరే తేదీతో ఉంటుంది. రాధికమ్మా, నీకు వచ్చింది ఒక్క పేజీ. కార్డు మడత విప్పితే ఇంకో ఆకు ఉండొచ్చు, అది కూడా అడుగు.

---

పాలమూరు_సుజాత · ఫిబ్రవరి 20, ఉదయం 6:50

యాదగిరన్న చెప్పింది అక్షరాలా నిజం. నాకు జరిగింది చెప్తాను. మూడేళ్ల కింద మా చిన్నమ్మ మనవడి పెళ్లి, నారాయణపేట దగ్గర. వాళ్ల కార్డులో "శనివారం తెల్లవారుజామున 4-10" అని మాత్రం వేశారు. బ్రాకెట్లో ఏమీ లేదు. శనివారం పెళ్లి కదా అని శనివారం పొద్దున్నే మహబూబ్‌నగర్‌లో బస్సెక్కి, పట్టుచీర కట్టుకుని, పదింటికి హాలు ముందు దిగాను. టెంటు వాళ్లు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చుతున్నారు. గేటు దగ్గర అరటి బోదెలు కింద పడి ఉన్నాయి. శుక్రవారం రాత్రి తెల్లారితే శనివారం, ఆ తెల్లవారుజామునే పెళ్లయిపోయింది. చిన్నమ్మ ఇంటికి వెళ్తే మిగిలిన పులిహోర పెట్టి "నువ్వు రాలేదేందే" అని ఏడ్చింది. ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

అప్పటినుంచి నాకు ఒకటే గుర్తు. "రాత్రి" అని ఉంటే పక్కన రాసిన వారం తాలూకు రాత్రి. "తెల్లవారుజామున" అని ఉంటే ఫోన్ చేసి అడగాల్సిందే, ఎందుకంటే అది ఒక్కో ప్రెస్సు ఒక్కో రకంగా వేస్తుంది.

---

శుభలేఖల_యాదగిరి · 7:22

నిజమే చెల్లే. కొందరు పార్టీలు పంచాంగం వారం వేయమంటారు, కొందరు గడియారం వారం వేయమంటారు. మేము ఎంత చెప్పినా "మా అయ్యగారు ఇలాగే రాసిండు, అట్లనే వెయ్" అంటారు. అప్పుడు మా చేతిలో ఏముంది.

---

రాధిక_కావలి · 8:15

యాదగిరి గారూ, చాలా థాంక్స్. నేను దాదాపు కిరణ్ గారు చెప్పిన లెక్కలోనే ఉన్నాను! అయితే బుధవారం రాత్రి ఎనిమిదింటికి వెళ్లి భోజనం చేసి వచ్చేస్తే పెళ్లి చూడనట్టు అవుతుందా? మూడున్నరదాకా ఉండాలా? నాకు తోడుగా మా ఆఫీసు నుంచి ఇంకో మేడమ్ వస్తున్నారు, ఆవిడ ఉండటానికి రెడీ. ఇంకా చీర విషయం ఎవరూ చెప్పలేదు. నా దగ్గర తెల్ల చీర, ఎర్ర అంచుది, చాలా బాగుంటుంది. అది కట్టుకుందామనుకుంటున్నాను.

---

పాలమూరు_సుజాత · 8:41

ఆ తెల్ల చీర ఒక్కటి వద్దు రాధికా. ముహూర్తానికి పెళ్లికూతురు కట్టుకునే మధుపర్కాలు తెల్లవే, ఎర్ర అంచువి ఉంటాయి, పసుపులో ముంచినవీ ఉంటాయి. పీటల మీద పిల్ల ఆ తెలుపులో ఉంటే, పక్కన చుట్టం కాని అమ్మాయి అదే రంగులో నిలబడితే బాగుండదు. పైగా పెద్దవాళ్లు కొందరికి వట్టి తెలుపు వేరే సంగతి గుర్తు చేస్తుంది. నల్లది కూడా ముహూర్తం వేళ వద్దు. రిసెప్షన్లలో ఇప్పుడు పిల్లలు నల్లవి వేస్తున్నారు, ఎవరూ ఏమీ అనట్లేదు, కానీ ఇది లగ్గం.

ఆఫీసు మనిషివి కాబట్టి బరువైన పట్టు అక్కర్లేదు. మా నారాయణపేట చీర, చిన్న అంచు, మెరూన్ గానీ ముదురు ఆకుపచ్చ గానీ అయితే మూడింటిదాకా కూర్చున్నా నలగదు. పోచంపల్లి ఇక్కత్ ఉంటే ఇంకా మంచిది. నల్గొండ పక్కనే కదా, అక్కడి ఆడవాళ్లు "ఎక్కడ తీసుకున్నవ్?" అని మాట కలుపుతారు, కొత్త చోట నీకు అది పనికొస్తుంది. ఒక పల్చటి శాలువా బ్యాగులో పెట్టుకో. ఫిబ్రవరి చివర్లో పగలు ఎండ కాస్తున్నా రాత్రి మూడింటికి ఆ హాళ్లలో చలిగానే ఉంటుంది. చెప్పులు సులువుగా విడిచేవి వేసుకో, అక్షింతలు వేయడానికి మండపం ఎక్కేటప్పుడు విడవాలి.

ఉండటం సంగతి నీ ఇష్టం. ఏడున్నర ఎనిమిది మధ్య వెళ్లి, సార్‌కీ వాళ్ల ఇంటావిడకూ కనపడి, భోజనం చేసి పదింటికి వచ్చేసినా ఎవరూ తప్పు పట్టరు. రాత్రి లగ్గాలకు వచ్చే వాళ్లలో ఎక్కువమంది చేసేది అదే. ఉండాలనుకుంటే 3-24 అనేది జీలకర్ర బెల్లం పెట్టే సమయమని గుర్తుంచుకో. మూడింటికల్లా ముందు వరసలో కుర్చీ పట్టుకో. పుస్తె ఆ తర్వాత ఎప్పుడో కడతారు.

---

రాధిక_కావలి · ఫిబ్రవరి 20, సాయంత్రం 6:30

తెల్ల చీర మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయింది. రెండో ఆకు కూడా దొరికింది. ఇంకో కొలీగ్ దగ్గర అసలు కార్డు ఉంది, ఆయన నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపారు. ముహూర్తం 3-24 అనే ఉంది! రెండో ఆకులో "హల్దీ, మంగళవారం సాయంత్రం, డ్రెస్ కోడ్: పసుపు" అని ఉంది, వేదిక వాళ్ల ఇల్లు. దానికి నేను వెళ్లాలా?

ఇంకోటి. మా ఆఫీసు అటెండర్ పెద్దాయన ఇవాళ "కట్నం ఎంత రాయిస్తున్నవ్ బిడ్డా?" అన్నారు. నాకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. నేనెందుకు కట్నం ఇవ్వాలి?

---

మోహన్_హైదరాబాద్ · 6:44

మేడమ్, ఇది చాలా తీవ్రమైన విషయం. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచి అమల్లో ఉంది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం, అడగడం, మూడూ నేరమే. అతిథుల దగ్గర కట్నం వసూలు చేస్తున్నారంటే ఆ పెళ్లికి వెళ్లకపోవడమే మంచిది.

---

దేవరకొండ_రాములు · 7:05

మోహన్ సార్, కొంచెం ఆగండి. మా వైపు కట్నం అంటే పెళ్లికి వచ్చిన వాళ్లు పెట్టే కానుక కూడా. "కట్నాలు రాయించుడు" అంటాం, రాధికమ్మా, మీ వైపు చదివింపులు అంటారు. ఒకప్పుడు మైకులో పేరు, ఊరు, మొత్తం చదివేవాళ్లు. ఇప్పుడు మైకు తగ్గింది, పుస్తకం మాత్రం పోలేదు. మా చుట్టాల్లో ఏ లగ్గమైనా ఆ పుస్తకం ముందు నన్నే కూర్చోబెడతారు, చేతిరాత బాగుంటుందని. కాబట్టి దీని గురించి నాకు తెలిసినంత చెప్తాను.

హాల్లో ఒక్కోసారి రెండు బల్లలు ఉంటాయి. ఒకటి ఆడపిల్ల వాళ్లది, ఇంకోటి మగపిల్లాడి వాళ్లది. నిన్ను పిలిచింది ఆడపిల్ల తండ్రి కాబట్టి "ఇది పిల్ల వాళ్లదేనా?" అని అడిగి ఆ బల్ల దగ్గరే రాయించు. ఇది చిన్న విషయం అనుకోకు. ఆ పుస్తకాన్ని ఇళ్లల్లో దాచిపెట్టుకుంటారు. రేపు మీ ఇంట్లో పెళ్లయితే సార్ వాళ్లు ఆ పుస్తకం తీసి నువ్వెంత రాయించావో చూసి, అంతకు తగ్గకుండా పెడతారు. వేరే పుస్తకంలో రాయిస్తే నీ పేరు ఎవరికీ తెలియని వాళ్ల ఇంటి అటకెక్కుతుంది. గతేడాది ఒకాయన హడావిడిలో 1,116 అవతలి బల్ల దగ్గర రాయించి వెళ్లిపోయాడు. ఆయన్ను పిలిచిన ఇంటివాళ్లు "వచ్చి తిన్నడు, ఏమీ రాయియ్యలే" అని నెల రోజులు అనుకున్నారు.

పేరు చెప్పేటప్పుడు వట్టి రాధిక అంటే సరిపోదు. మా పుస్తకంలో మూడు గళ్లు ఉంటాయి: పేరు, ఊరు, ఎంత. ఇంటిపేరుతో సహా చెప్పి, ఊరి దగ్గర ఆఫీసు పేరు రాయించు. కావలి అంటే రాసేవాడికి ఎవరో అర్థం కాదు.

హల్దీకి నోటితో విడిగా పిలిస్తేనే వెళ్లు. ఆ ఆకు ఇంటి పిల్లల కోసం వేయించింది. ఆ పసుపు రంగు నియమం లగ్గానికి వర్తించదు.

---

రాధిక_కావలి · 7:20

అమ్మయ్య! రేపు ఆ పెద్దాయనకు క్షమాపణ చెప్పాలి, నేను మొహం చాలా సీరియస్‌గా పెట్టాను. మరి ఎంత రాయించాలి? నేను 500 అనుకుంటున్నాను. స్టాఫ్ అంతా కలిసి ఒక మిక్సీ కొంటున్నారు, దానికి వేరే 300 ఇచ్చాను.

---

కిరణ్_సూర్యాపేట · 7:34

మిక్సీలో వాటా ఇచ్చాక మళ్లీ కవర్ ఎందుకు అక్కా? ఒక మనిషికి ఒక కానుక చాలు.

---

దేవరకొండ_రాములు · 7:52

ఈసారి కిరణ్ మాట సగం సరైనదే. స్టాఫ్ కానుక మీద అందరి పేర్లూ రాస్తే అది చాలు. కానీ సార్ నిన్ను పేరు పెట్టి, విడిగా పిలిచారు. పుస్తకంలో ఒక వరస నీ పేరుతో ఉంటే మర్యాదగా ఉంటుంది. 500 సరిపోతుంది, కానీ సున్నాతో ముగించకు. 516 రాయించు. మా వైపు నూటపదహారు, ఐదువందల పదహారు, వెయ్యిన్నూటపదహార్లు అన్నదే లెక్క.

---

మోహన్_హైదరాబాద్ · 8:10

కట్నం మాట తప్పుగా అర్థం చేసుకున్నాను, క్షమించండి. ఈ పదహారు గురించి మాత్రం నాకు తెలుసు. నిజాం కాలంలో ఇక్కడ హాలీ సిక్కా చెలామణిలో ఉండేది. బ్రిటిష్ వాళ్ల వంద రూపాయలకు హాలీ సిక్కా నూటపదహారు రూపాయల పైచిలుకు. నిండుగా వంద ఇచ్చినట్టు ఉండాలని నూటపదహారు ఇచ్చేవారు, అది అలా నిలబడిపోయింది.

---

శుభలేఖల_యాదగిరి · 8:33

మారకం రేటు మీరు చెప్పింది నిజమే సార్. కానీ హాలీ సిక్కా ఎన్నడూ నడవని గుంటూరు, గోదావరి వైపు కూడా నూటపదహార్లే ఇస్తారు. అక్కడికి ఎలా వెళ్లింది మరి? మా నాన్న మాత్రం ఒక అంకె మీద ఇంకాస్త కలిపితే పెరుగుతుందని శకునం, అంతే అనేవాడు.

---

మోహన్_హైదరాబాద్ · 8:40

పెళ్లిళ్లతో పాటు లెక్క కూడా సరిహద్దు దాటి ఉంటుంది. నేను మాత్రం హాలీ సిక్కా అనే అంటాను.

---

పాలమూరు_సుజాత · 8:58

మీరిద్దరూ నిజాం దగ్గర ఉండండి, నేను కవర్ దగ్గరికి వస్తాను. బజార్లో పెళ్లి కవర్లు అమ్ముతారు, మూల మీద రూపాయి బిళ్ల అంటించి ఉంటుంది. అందులో ఒక ఐదువందల నోటు పెడితే 501 అవుతుంది. 516 కావాలంటే ఒక పది నోటు, ఒక ఐదు బిళ్ల కలపాలి. ఆ ఐదు బిళ్లను చిన్న కాగితంలో చుట్టి పెట్టు, లేకపోతే జారి కవర్ మూల చింపుకుని బయటికొస్తుంది. కవర్ బయట నీ పేరూ, మొత్తమూ రాసి పెట్టు. రాసేవాళ్లు కొన్నిచోట్ల అక్కడే విప్పి లెక్కపెట్టి రాస్తారు. అది చూసి కంగారు పడకు, అవమానమేమీ కాదు.

సార్ ఇంటావిడ బొట్టు పెట్టి రవిక ముక్క ఇస్తే వద్దనకు.

---

రాధిక_కావలి · 9:15

ఒక్క అనుమానం మిగిలింది. కొత్త ఫొటోలో బొటనవేలు లేదు. ఆ లైను "మీ ఆశీస్సులే మాకు కానుకలు" అని ఉంది. అంటే కానుకలు వద్దన్నట్టు కదా?

---

శుభలేఖల_యాదగిరి · 9:27

ఆ లైను మా కంప్యూటర్లో డిజైన్‌తో పాటే ఉంటుంది తల్లీ. పది కార్డుల్లో ఆరింటికి అదే వెళ్తుంది, చాలామంది ప్రూఫు చూసేటప్పుడు దాన్ని చదవరు కూడా. నిజంగా వద్దనుకునే వాళ్లు "కానుకలు స్వీకరించబడవు" అని కచ్చితంగా, బాక్సులో, లావు అక్షరాల్లో వేయమంటారు. అప్పుడు కవర్ తీసుకెళ్లకూడదు.

---

మోహన్_హైదరాబాద్ · 9:41

నేను ఒప్పుకోను. అచ్చులో ఉన్న మాటకు విలువ ఇవ్వాలి. డిజైన్‌లో ఉందో లేదో అతిథికి ఎలా తెలుస్తుంది? నేనైతే చేయి ఊపుకుంటూ వెళ్తాను.

---

దేవరకొండ_రాములు · 9:50

కవర్ బ్యాగులో పెట్టుకుని వెళ్లు బిడ్డా. బల్ల, పుస్తకం కనిపిస్తే రాయించు. కనిపించకపోతే కవర్ ఇంటికి తెచ్చుకో. సార్ చేతిలో బలవంతంగా పెట్టొద్దు.

---

రాధిక_కావలి · ఫిబ్రవరి 27, రాత్రి 8:05

వెళ్లొచ్చాను. ఎనిమిదింటికి చేరాం. అప్పటికే భోజనాలు నడుస్తున్నాయి. సార్ మమ్మల్ని చూసి "అరే, మీరిద్దరే టైముకు వచ్చిన్రు, మనోళ్లు నలుగురు గురువారం అనుకుంటున్నరట" అని నవ్వారు. అదే ఫొటో వాళ్లకూ వెళ్లింది మరి.

కానుకలు వద్దన్న కార్డే అయినా బల్ల ఉంది, ఒకటే బల్ల, దాని మీద రెండు పుస్తకాలు. రాములు గారు చెప్పకపోతే అడిగేదాన్నే కాదు. పిల్ల వాళ్ల పుస్తకం నీలం అట్టది. రాసే పెద్దాయన కవర్ విప్పి, కాగితంలో చుట్టిన ఐదు బిళ్ల చూసి "ఎవరు నేర్పిన్రు నీకు?" అన్నారు. పాలమూరు అక్క అని చెప్పాను. ఆఫీసు పేరు చెప్పినా ఆయన ఊరి గడిలో "కావలి" అనే రాశారు. "నల్గొండ ఆఫీసువాళ్లు చాలామంది ఉంటరు, కావలి నుంచి నువ్వొక్కదానివే, గుర్తుంటవ్" అన్నారు.

మూడింటికి హాల్లో సగం మంది కుర్చీల్లోనే నిద్రపోతున్నారు. శాలువా లేకపోతే వణికిపోయేదాన్ని. జీలకర్ర బెల్లం సరిగ్గా 3-24కే పెట్టారు, అయ్యగారు చేతి గడియారం చూసుకుంటూ మేళం వాళ్లకు సైగ చేశారు. ఆకుపచ్చ నారాయణపేట గురించి ముగ్గురు అడిగారు.

---

మోహన్_హైదరాబాద్ · 8:30

బల్ల ఉందా? సరే. అయినా ఆ లైను కార్డు మీద ఉండకూడదు.

---

లక్ష్మి_హుజూర్‌నగర్ · ఫిబ్రవరి 28, ఉదయం 10:12

ఇదంతా చదివాక నాకు భయం పట్టుకుంది. నాకూ ఒక కార్డు ఫొటో వచ్చింది. "ఆదివారం తె.గం. 4-" అని ఉంది, నిమిషాల దగ్గర కార్డు మడత. ఆదివారం అన్న మాటకు ముందున్న తేదీ ఏమో మార్చి 8 కావచ్చు, 9 కావచ్చు. ఎవరైనా చూస్తారా?

---

శుభలేఖల_యాదగిరి · 10:20

తేదీ 8 అయితేనే ఆదివారం, మార్చి 9 సోమవారం. కానీ తె.గం. అని ఉంది కదా, సుజాత చిన్నమ్మ మనవడి పెళ్లి లాంటి కేసే. కింద లగ్నం పేరు ఉంటే రాయి, నిమిషాల సంగతి దాంతో కొంత తేలుతుంది. శనివారం రాత్రా, ఆదివారం రాత్రా అన్నది లగ్నంతో తేలదు. వాళ్లకు ఫోన్ చెయ్.